రెండు నెలలంటే 60 రోజులు కాదు, ఒకసారి పిడికిలి చూసుకోండి

2025లో ఉగాది మార్చి 30న, ఆదివారం వచ్చింది. మేం 28 శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లో రైలెక్కి విశాఖ వెళ్దామనుకున్నాం. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, 60 రోజులంటే రెండు నెలలు, అంటే జనవరి 28 అని క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకున్నాను. ఆ రోజు పొద్దున ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే లాగిన్ అయి కూర్చున్నా. తీరా చూస్తే స్లీపర్, థర్డ్ ఏసీ రెండూ వెయిటింగ్ లిస్టే. సైట్ తప్పేమీ లేదు, బుకింగ్ ముందు రోజే, 27నే మొదలైపోయింది. తప్పంతా నా లెక్కలో ఉంది. పిల్లలిద్దరితో చివరికి బస్సులో రాత్రంతా కూర్చుని వెళ్ళాం.

ఈ లెక్క చెయ్యడానికి కావలసింది నాకు చిన్నప్పుడే నేర్పారు. పిడికిలి బిగించి, మెటికల మీద జనవరి, ఫిబ్రవరి అని లెక్కపెట్టడం మనలో చాలామందికి వచ్చు. కానీ ఏ నెలకు 30, ఏ నెలకు 31 అని చెప్పించి అక్కడితో ఆపేస్తాం. దానితో రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో ఎలా లెక్కకట్టాలో ఎవరూ చూపించరు. నా కోపమంతా ఇక్కడే. బడిలో పరీక్ష కోసం బట్టీ పట్టిస్తారు, అసలు పనికొచ్చే సగాన్ని వదిలేస్తారు.

సరే, మొదటినుంచీ చెప్తాను. రెండు పిడికిళ్ళూ బిగించి, చూపుడువేళ్ళు రెండూ పక్కపక్కన ఆనేలా, చేతుల వెనక వైపు మనకు కనిపించేలా పెట్టుకోండి. బొటనవేలిని లెక్కలోకి తీసుకోకూడదు. ఎడమ చిటికెనవేలి మెటిక జనవరి, దాని పక్క గుంట ఫిబ్రవరి, ఉంగరపువేలి మెటిక మార్చి, ఇలా కుడివైపుకి వెళ్తే ఎడమ చూపుడువేలి మెటిక దగ్గర జూలై వస్తుంది. అక్కడినుంచి నేరుగా కుడిచేతి చూపుడువేలి మెటిక మీదికి వెళ్ళాలి, అది ఆగస్టు. ఆ తర్వాత గుంట సెప్టెంబర్, మెటిక అక్టోబర్, గుంట నవంబర్, మెటిక డిసెంబర్. మెటిక మీద పడితే 31, గుంటలో పడితే 30. ఒక్క ఫిబ్రవరికి మాత్రం 28, లీపు సంవత్సరమైతే 29.

మా అక్క కొడుకు ఆరో తరగతి. వాడికి ఒక్క చేతితోనే నేర్పారు. మొన్న అన్నం తినే బల్ల మీద చెయ్యి పెట్టి, మెటికల మీద పెన్నుతో చుక్కలు పెట్టుకుని లెక్కపెడుతున్నాడు. జూలై దాకా బాగానే వచ్చాడు, అక్కడ వెనక్కి తిరిగి ఆగస్టుని గుంటలో వేశాడు. "పిన్నీ, ఆగస్టుకి 30 వస్తోంది, క్యాలెండర్‌లో 31 ఉంది" అన్నాడు. "అయితే ఆపకుండా డిసెంబర్ దాకా వెళ్ళరా" అన్నాను. డిసెంబర్ కూడా గుంటలో పడింది. డిసెంబర్ 31 రాత్రి కేక్ కోస్తాం కదా, అది గుంటలో పడిందంటే ఆగస్టు దగ్గర తప్పు చేశామని వెంటనే తెలిసిపోతుంది. ఒక్క చెయ్యే వాడేవాళ్ళు జూలై అయ్యాక మళ్ళీ మొదటి మెటిక నుంచి మొదలుపెట్టాలి, లేదా జూలై మెటికనే రెండోసారి ఆగస్టుగా లెక్కపెట్టి వెనక్కి తిరగాలి. రెండింటిలో ఏదైనా సరిపోతుంది.

ఇక రోజుల లెక్క. ఒక నెల తేదీ నుంచి పై నెల అదే తేదీకి ఎన్ని రోజులంటే, మనం ఏ నెలను దాటి వచ్చామో ఆ నెలకు ఎన్ని రోజులుంటే అన్ని. జనవరి 28 నుంచి ఫిబ్రవరి 28కి 31 రోజులు, ఎందుకంటే దాటింది జనవరిని. ఫిబ్రవరి 28 నుంచి మార్చి 28కి 28 రోజులు. చేరుకున్న నెలను కలపకూడదు, చాలామంది తప్పేది ఇక్కడే. జూలై 10 నుంచి సెప్టెంబర్ 10కి జూలై, ఆగస్టు రెండు మెటికలు, 62 రోజులు. పొరపాటున ఆగస్టు, సెప్టెంబర్ కలిపితే 61 వచ్చి ఒక రోజు తగ్గిపోతుంది.

ఇప్పుడు నా ఉగాది టికెట్‌కి వద్దాం. జనవరి 28 నుంచి మార్చి 28కి 31కి 28 కలిపితే 59. కావలసింది 60, అంటే ఇంకో రోజు వెనక్కి, జనవరి 27. పిడికిలి మీద రెండు క్షణాల పని. నేను చెయ్యలేదు.

సంక్రాంతికి ఇదే తిరగబడుతుంది. జనవరి 12న ప్రయాణమైతే నవంబర్ 12 నుంచి లెక్క, నవంబర్ గుంట 30, డిసెంబర్ మెటిక 31, మొత్తం 61. ఒక రోజు ఎక్కువైంది కాబట్టి బుకింగ్ నవంబర్ 13న మొదలవుతుంది. 12న పొద్దున్నే లేచి కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ దొరకదు. లీపు సంవత్సరం కాకపోతే, వరసగా ఏ రెండు నెలలు తీసుకున్నా సరిగ్గా 60 రానే రాదు, కావాలంటే చేతి మీద చూసుకోండి. ఫిబ్రవరి కలిస్తే 59, జూలై-ఆగస్టు, డిసెంబర్-జనవరి జంటలకు 62, మిగిలినవన్నీ 61. పాతరోజుల్లో 120 రోజుల గడువు ఉండేది, 2024 నవంబర్ 1 నుంచి 60 అయింది, అందులో ప్రయాణం రోజు కలవదు. అందుకే తేడా సరిగ్గా 60 రావాలి, ప్రయాణం రోజుని కూడా కలిపి 60 అనుకుంటే ఒక రోజు ఆలస్యమైపోతారు.

నెలాఖరు ప్రయాణాలకు కొంచెం చూసుకోవాలి. ఆగస్టు 31 నుంచి రెండు నెలలు వెనక్కి వెళ్తే జూన్ 31 అనే తేదీయే లేదు. అలాంటప్పుడు ఒక్క నెలే వెనక్కి వెళ్ళి జూలై 31 దగ్గర ఆగండి, 31 రోజులు అయిపోయాయి. ఇంకా 29 కావాలి, 31లోంచి 29 తీస్తే 2, అంటే జూలై 2.

ఇంకొకటి పిడికిలికి అందదు. ఆ 60 రోజులూ మనం ఎక్కే స్టేషన్ తేదీ నుంచి కాదు, రైలు మొదట బయల్దేరే స్టేషన్ తేదీ నుంచి లెక్క. అర్ధరాత్రి దాటాక విజయవాడలో ఎక్కుతున్నారు, రైలేమో ముందు రోజు సాయంత్రం వేరే ఊళ్ళో బయల్దేరింది అనుకోండి, బుకింగ్ కూడా ఒక రోజు ముందే మొదలవుతుంది. కాబట్టి మొదట రైలు బయల్దేరే తేదీ చూసుకుని, ఆ తర్వాత పిడికిలి బిగించండి.

మా వాడికి నిన్న ఒక లెక్క ఇచ్చాను, అక్టోబర్ 16న ప్రయాణం, బుకింగ్ ఎప్పుడురా అని. ఆగస్టు మెటిక, సెప్టెంబర్ గుంట ముట్టుకుని, 61 అని గొణుక్కుని, "ఆగస్టు 17 పిన్నీ" అన్నాడు. క్యాలెండర్‌లో ఆ తేదీని వాడితోనే చుట్టించాను.