సవరణ: ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకులు పని మానేసినప్పుడు

“పేజీ చూసుకునే వ్యక్తి పని మానేస్తే మీ పాస్‌వర్డ్ మార్చుకోండి, అది చాలు” అని గత పోస్టులో రాశాను. అది తప్పు.

ఫేస్‌బుక్ పేజీకి విడిగా పాస్‌వర్డ్ ఉండదని, నిర్వాహకులు ఎవరి సొంత ఖాతాతో వారు ప్రవేశిస్తారని ఆ సంస్థ సహాయ పుటలు చెబుతున్నాయి. కాబట్టి జగదాంబ సెంటర్‌లోని చీరల దుకాణం యజమాని తన పాస్‌వర్డ్‌ను ఎంత బలంగా మార్చుకున్నా, రెండంచెల లాగిన్ పెట్టుకున్నా, మానేసిన ఉద్యోగికి ఇచ్చిన పూర్తి నియంత్రణ అలాగే ఉంటుంది. ఆ ఉద్యోగి ఖాతా హ్యాకర్ చేతికి చిక్కితే యజమానినే పేజీ నుంచి తొలగించవచ్చు. పేజీ సెట్టింగ్‌లలో Page access తెరిచి ఆ పేరు తీసేయాలి. వ్యాపార పేజీలను, ప్రకటనలను ఒకేచోట నిర్వహించే బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో మీ పేజీ ఉంటే అక్కడి జాబితానూ విడిగా చూడాలి. మిగిలిన నిర్వాహకులందరూ తమ ఖాతాలకు రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి; పోస్టులు మాత్రమే పెట్టేవారికి పాక్షిక నియంత్రణ సరిపోతుంది.