బాతుగుడ్ల లెక్క చేసినంత మాత్రాన మిరప రైతు మెసేజ్ అర్థమైనట్టేనా?

"తెలుగు టెస్టులో ఈ కొత్త ఏఐ మోడల్‌కి 92%! రెండో దానికి 90 మాత్రమే. 1) నూటికి 92 వచ్చాయంటే దానికి మనకంటే తెలుగు బాగా వచ్చినట్టే. 2) అందరికీ ఒకటే ప్రశ్నపత్రం, కాబట్టి మోసం లేదు. 3) 90 కంటే 92 గొప్ప, ఇంక చర్చ లేదు. 4) షాపు మెసేజ్‌లు చదివించడానికి విడిగా టెస్టు అక్కర్లేదు, ఫస్ట్ ర్యాంకు దాన్ని పెట్టేసుకోండి. పదిమందికి పంపండి."

ఈ మెసేజ్ మా ఎరువుల డీలర్ల గ్రూపులో ఈ వారం నాలుగుసార్లు వచ్చింది. నిన్న మా బావ కూడా పంపాడు, కింద "పెట్టేద్దామా?" అని రాసి. ఆయన షాపు మధిర దగ్గర. రైతులు పంపే వాట్సాప్ మెసేజ్‌లు చదివి, ఏ పంట, ఎంత భూమి, ఏం కనిపిస్తోంది అన్న మూడు సంగతులు తీసి కౌంటర్‌కి పంపే పని మోడల్‌కి ఇవ్వాలని కొన్నాళ్లుగా అనుకుంటున్నాం. సాఫ్ట్‌వేర్ చూసేది నేనే. తప్పు జరిగితే పోయేది రైతు పంట. అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటి పాయింటు. మెసేజ్‌తో వచ్చిన పట్టిక ఫొటో పెద్దది చేసి చూడండి. తెలుగు అన్న వరుసలో ఉన్నది ఎంజీఎస్‌ఎం స్కోరు. 2021లో ఓపెన్‌ఏఐ వాళ్లు జీఎస్‌ఎం8కె అని ఇంగ్లిషులో బడి పిల్లల లెక్కల సెట్ ఒకటి విడుదల చేశారు. 2022లో గూగుల్ పరిశోధకులు అందులోంచి 250 లెక్కలు తీసుకుని పది భాషల్లోకి అనువాదం చేయించారు. అదే ఎంజీఎస్‌ఎం. ఆ పదిలో తెలుగు ఒకటి. మొదటి లెక్క ఇది: జానెట్ బాతులు రోజుకు 16 గుడ్లు పెడతాయి, మూడు తను తింటుంది, నాలుగు మఫిన్లలో వేస్తుంది, మిగతావి ఒక్కోటి 2 డాలర్లకు అమ్ముతుంది, రోజుకు ఎంత వస్తుంది? చివర్లో 18 అన్న అంకె ఉంటే మార్కు పడుతుంది. మధ్యలో రాసిన తెలుగు ఎలా ఉందో ఎవరూ చూడరు. అసలు తెలుగే రాయక్కర్లేదు. ఆ పరిశోధకులే, ప్రశ్న ఏ భాషలో ఉన్నా లెక్క చేసే మెట్లు ఇంగ్లిషులో రాయిస్తే సగటున మార్కులు ఇంకా మెరుగ్గా వచ్చాయని చూపించారు. అంటే 92 చెప్పేది ఒక్కటే: తెలుగులో అడిగిన అమెరికా బడి లెక్కను ఇది ఎక్కువసార్లు సరిగ్గా చేయగలదు. అది మంచి విషయమే. కానీ దాన్ని "మనకంటే తెలుగు బాగా వచ్చు" అని చదవకండి.

రెండోది. పేపరు ఒకటే కావచ్చు, కానీ దాని ఇంగ్లిషు మూలం జవాబులతో సహా 2021 నుంచి నెట్‌లో ఉంది. మోడళ్లు ఎక్కువగా నేర్చుకునేది నెట్ నుంచే. జానెట్ బాతుల లెక్క ఎన్ని పేజీల్లో, ఎన్ని వ్యాసాల్లో 18 అన్న జవాబుతో కనిపిస్తుందో మీరే వెతికి చూడండి. ముందే లీకైన పేపరుతో జరిగిన పరీక్షను మన పిల్లల విషయంలో ఒప్పుకుంటామా? 2024లో స్కేల్ ఏఐ వాళ్లు ఇదే కష్టస్థాయిలో, ఎక్కడా బయటపెట్టని కొత్త లెక్కలు రాయించి మోడళ్లకు ఇచ్చారు. కొన్నింటి మార్కులు స్పష్టంగా పడిపోయాయి. ముందువరుసలో ఉన్న పెద్ద మోడళ్లు పెద్దగా పడలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. కాబట్టి అందరూ బట్టీ పట్టారని నేను అనను. ఎవరు పట్టారో ఆ స్కోరు చూసి చెప్పలేం అంటున్నాను.

అదే ఏడాది యాపిల్ పరిశోధకులు చేసిన ఇంకో పని మనకు నేరుగా పనికొస్తుంది. లెక్కలో అవసరం లేని ఒక మాట కలిపారు. ఒకతను శుక్రవారం 44 కివీ పళ్లు కోశాడు, శనివారం 58, ఆదివారం శుక్రవారానికి రెట్టింపు. ఆదివారం కోసిన వాటిలో ఐదు కాస్త చిన్నవి. మొత్తం ఎన్ని? చిన్నవైనా పళ్లు పళ్లే కదా, 190. కొన్ని మోడళ్లు ఆ ఐదూ తీసేసి 185 అన్నాయి. ఇక రైతు మెసేజ్ గుర్తు తెచ్చుకోండి. అందులో అడిగిన సంగతి ఒక వాక్యం, అక్కర్లేని సంగతులు నాలుగు వాక్యాలు ఉంటాయి.

మూడోదానికి ఎక్కువసేపు అక్కర్లేదు. ఉన్నవి 250 లెక్కలు. 92 శాతం అంటే 230, 90 శాతం అంటే 225. తేడా ఐదు లెక్కలు. ఇంత చిన్న సెట్‌లో 92 చుట్టూ అటూ ఇటూ మూడు పాయింట్లకు పైగా ఊగే వీలుంది. ఇంకో 250 లెక్కలు ఇస్తే వరుస తారుమారైనా ఆశ్చర్యం లేదు.

నాలుగోది. నాకు అసలు కోపం తెప్పించింది ఇదే. మిగతా మూడూ తెలియక అన్న మాటలు, వాటితో ఎవరికీ నష్టం లేదు. ఇది నమ్మి షాపులో పెట్టేస్తే నష్టం ఉంది.

మా బావ ఫోన్‌లో ఉన్న ఒక మెసేజ్ చూడండి. ఇంగ్లిషు అక్షరాలతో టైప్ చేసింది, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను: "అన్నా మిరప ఎకరం పది గుంటలు పైముడత బాగా ఉంది నిన్న మావోడు తెచ్చింది అయిపోయింది ఎంత పంపమంటవ్". ఇందులో రెండు చోట్ల ప్రాణం ఉంది. ఒకటి, ఎకరానికి 40 గుంటలు, కాబట్టి ఇది 1.25 ఎకరాలు. మోడల్ దీన్ని 1.10 అని చదివితే చూడ్డానికి చక్కగానే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు, మందు మాత్రం 12 శాతం తక్కువ పోతుంది. మాది సరిహద్దు ప్రాంతం, సగం మంది సెంట్లలో చెబుతారు. "ఎకరం పది సెంట్లు" అయితే నిజంగానే 1.10. రెండోది, పైముడత అంటే తామర పురుగు, కిందిముడత అంటే నల్లి. రెండింటికీ మందులు వేరు. "పై" ఒక్క అక్షరం వదిలేసి "ఆకు ముడత" అని రాసి పంపితే కౌంటర్‌లో కుర్రాడు నల్లి మందు తీసి ఇస్తాడు. రైతు డబ్బు పెట్టి కొట్టిస్తాడు, పురుగు చావదు, వారం పోతుంది. ఇప్పుడు చెప్పండి, జానెట్ బాతుల లెక్కలో గుంటలు ఉన్నాయా? ముడత ఉందా? మరి ఆ మార్కు చూసి ఈ పని ఎలా అప్పగిస్తారు?

మేం చేసిన పరీక్ష ఎలా ఉందో చెబుతాను, మీ షాపుకు తగ్గట్టు మార్చుకోండి.

ముందు పోయిన సీజను మెసేజ్‌లు వరుసగా పెట్టి ప్రతి పదోదాన్ని తీశాం, 120 అయ్యేదాకా. మంచివి ఏరుకోలేదు. ఏరడం మొదలుపెడితే శుభ్రంగా రాసినవే చేతికి వస్తాయి, రోజూ వచ్చేవి అలా ఉండవు. పేర్లు, నంబర్లు కొట్టేశాం. తర్వాత మా బావ, షాపులో పదేళ్లుగా చేస్తున్న గుమాస్తా, ఇద్దరూ విడివిడిగా ప్రతి మెసేజ్‌కీ సరైన జవాబు రాశారు. మోడల్ ఏం చెప్పిందో చూడకముందే రాయాలి, లేకపోతే అది చెప్పిందే సరిగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇద్దరికీ కుదరని చోట్ల ఆగి మాట్లాడుకున్నాం. అప్పుడే తెలిసింది, కొన్ని మెసేజ్‌లకు సరైన జవాబు "తిరిగి అడగాలి" అనేదేనని. "రెండు ట్యాంకులకి ఎంత" అంటే ట్యాంకు ఎన్ని లీటర్లో తెలియకుండా ఎవరు మాత్రం ఏం చెబుతారు? అలాంటి చోట అడగకుండా అంకె వేసిన మోడల్‌కి తప్పు పడుతుంది.

120లో సగం విడిగా తీశాం. మోడల్‌కి ఇచ్చే సూచనలు దిద్దుకోవడానికి అవే వాడాం. మిగతా 60 ఎవరూ ముట్టుకోలేదు, చివర్లో ఒక్కసారే వాడాం. ఇది పాటించకపోతే మనం కూడా పేపరు లీక్ చేసుకున్నట్టే. మూడు మోడళ్లకూ ఒకే సూచనలు ఇచ్చి, ఒక్కో మెసేజ్ మూడేసి సార్లు చదివించాం, ఎందుకంటే ఒకే ప్రశ్నకు అది ఒకసారి 1.25, ఇంకోసారి 1.10 అనగలదు. దిద్దేవాళ్లకు ఏ జవాబు ఏ మోడల్‌దో తెలియకుండా పేర్లు దాచాం.

మార్కులు మాత్రం ఒకే అంకెగా కూడలేదు. "మిరప" బదులు "మిర్చి" అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. భూమి తప్పినా, లక్షణం మారిపోయినా ప్రమాదం. అందుకే ప్రమాదకరమైన తప్పులు వేరే వరుసలో రాశాం, ఎంపిక ఆ వరుస చూసే చేశాం. గుమాస్తా చేత కూడా అవే మెసేజ్‌లు మధ్యాహ్నం రద్దీలో చదివించాం, మనిషి ఎన్ని తప్పులు చేస్తాడో తెలియకుండా మోడల్‌ని దేనితో పోలుస్తాం?

ఒక హెచ్చరిక. 60 మెసేజ్‌లలో ప్రమాదకరమైన తప్పు ఒక్కటీ రాలేదనుకోండి, అయినా అసలు రేటు 5 శాతం దాకా ఉండొచ్చు. మూడుని మెసేజ్‌ల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంచనా ఇది. సీజన్లో రోజుకు 40 మెసేజ్‌లు వస్తే రెండు తప్పులు అన్నమాట. అందుకే మోతాదు చెప్పే పని ఏ మోడల్‌కీ ఇవ్వలేదు. అది డబ్బా మీది లేబుల్ నుంచి మేం ఎక్కించిన పట్టికలోంచే వస్తుంది.

ఇక ఫలితం. దాచుకోవడానికేం లేదు, ఆ మెసేజ్ పొగిడిన మోడలే మా పరీక్షలోనూ మొదట వచ్చింది. దాన్నే పెట్టుకుంటున్నాం. ఎంజీఎస్‌ఎం లాంటివి పనికిరానివనీ నేను అనను. తెలుగు ప్రశ్నే అర్థంకాని మోడళ్లను ముందే పక్కన పెట్టడానికి నేనూ ఆ పట్టికే చూశాను, లేకపోతే మూడు బదులు ఇరవై మోడళ్లు పరీక్షించాల్సి వచ్చేది. కానీ గుంటలకూ సెంట్లకూ తేడా చూడమని సూచనల్లో రాసి ఇచ్చేదాకా ఈ ఫస్ట్ ర్యాంకు మోడలూ తడబడింది. ఆ మెసేజ్ నమ్మి నేరుగా పెట్టేసి ఉంటే, ఆ తడబాటు మాకు రైతు చెప్పాకే తెలిసేది.

ఆ 60 మెసేజ్‌లు ఒకసారి వాడేశాం కాబట్టి వచ్చే మోడల్‌కి కొత్తవి కావాలి. పాతవి ఎలాగూ సరిపోవు. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు రైతులు ఒక్కసారిగా "పూతలో నల్ల పురుగు" అని రాయడం మొదలుపెట్టారు, అంతకుముందు ఏడాది మెసేజ్‌లలో ఆ మాటే లేదు. మా బావకి చెప్పాను, ఈ సీజను మెసేజ్‌లలో ప్రతి పదోదీ పక్కన పెడుతూ ఉండమని.