జుట్టు మాత్ర మంచిదే, దాని సంగతి చెప్పకుండా ఇవ్వడమే తప్పు

మొన్న మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు భోజనాల బల్ల మీద రెండు మాత్రల స్ట్రిప్పులు పక్కపక్కన కనిపించాయి. ఒకటి మా బావది. ఆయనకు అరవై నాలుగేళ్లు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తుంటే డాక్టరు రాసిచ్చిన మందు అది. రెండోది ఇరవై ఏడేళ్ల మా మేనల్లుడిది. నడినెత్తిన జుట్టు పలచబడుతోందని వెళితే ఒక క్లినిక్కులో ఇచ్చారు. పైన పేర్లు వేరు, రంగులు వేరు. వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదివితే రెండింటిలోనూ ఉన్నది ఒకే మందు, ఫినాస్టెరైడ్. తండ్రిది 5 మిల్లీగ్రాములు, కొడుకుది 1 మిల్లీగ్రాము. తామిద్దరూ మింగుతున్నది ఒకటేనని వాళ్లకు తెలియదు. ఎనిమిది నెలలుగా వాడుతున్న మా వాడిని ఇది దేనికి పనిచేస్తుందో చెప్పారా అని అడిగాను. "విటమిన్ లాంటిదే, భయం లేదు అన్నారు మామయ్యా" అన్నాడు.

ఇది విటమిన్ కాదు. హార్మోను తయారీని అడ్డుకునే మందు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బట్టతల మొదలైన యువకుడు అన్నీ తెలుసుకుని ఈ మాత్ర వాడతానంటే ఆపాల్సిన అవసరం లేదు. ఏమీ చెప్పకుండా అతని చేతిలో పెట్టడం మాత్రం తప్పు. ఆ తప్పు మన దగ్గర మామూలైపోయింది.

దీని కథ డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో మొదలైంది. అక్కడ కొందరు మగపిల్లలు పుట్టుకతో ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసులో మగవాళ్లుగా మారేవారు. 1974లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం దీనికి కారణం ప్రచురించింది. టెస్టోస్టెరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా, అంటే డీహెచ్‌టీగా మార్చే ఎంజైము వాళ్లలో సరిగా లేదు. ఆ మగవాళ్లకు పెద్దయ్యాక ప్రోస్టేట్ చిన్నగానే ఉండేది, నుదుటిపై జుట్టు వెనక్కి పోయేది కాదు. ఆ ఎంజైమునే మాత్రతో అడ్డుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచి ఫినాస్టెరైడ్ పుట్టింది. అమెరికాలో 1992లో ప్రోస్టేట్ కోసం 5 మిల్లీగ్రాముల మాత్రకు, 1997లో బట్టతల కోసం 1 మిల్లీగ్రాము మాత్రకు అనుమతి వచ్చింది. అంటే కొడుకు మందు తండ్రి మందుకు తమ్ముడు.

మందు పనిచేస్తుందా అంటే, చేస్తుంది. మొదటి పెద్ద ప్రయోగాల్లో 18 నుంచి 41 ఏళ్ల మగవాళ్ల నడినెత్తిన ఒక చిన్న వలయం గీసి, అందులోని వెంట్రుకలను లెక్కపెట్టారు. రెండేళ్ల తర్వాత మందు వాడినవాళ్లలో 83 శాతం మందికి ఆ లెక్క తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో తగ్గనివాళ్లు 28 శాతమే. గమనించండి, ఇక్కడ ప్రధాన లాభం ఉన్న జుట్టు నిలబడటం. నున్నగా అయిపోయిన చోట మళ్లీ ఒత్తుగా మొలుస్తుందని ఆశపెట్టడం మోసం. మూడు నెలల లోపు తేడా తెలియదు, ఏడాది వాడితే గాని నిర్ణయానికి రాకూడదు. మొదటి వారాల్లో కొందరికి జుట్టు మరింత రాలుతుంది కూడా. మా వాడు రెండో నెలలో దిండు మీద వెంట్రుకలు చూసి హడలిపోయి పది రోజులు మానేశాడు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ హడావుడి ఉండేది కాదు. అసలు విషయం ఇంకొకటి. మానేస్తే ఏడాది లోపు ఈ మందు నిలబెట్టిన జుట్టు పోతుంది. మూడు నెలల కోర్సు, ఆరు నెలల ప్యాకేజీ అని అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే. జుట్టు కావాలనుకున్నంత కాలం మింగాల్సిన మాత్ర ఇది. ఇరవై ఏడులో మొదలుపెడితే నలభై ఏడులోనూ వాడుతూనే ఉండవచ్చు.

ఇక దుష్ప్రభావాలు. ఈ మందును సమర్థించేవాళ్లకు నచ్చే అంకెతోనే మొదలుపెడతాను. కామేచ్ఛ తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, వీర్యం తగ్గడం వంటి వాటిలో ఏదో ఒకటి తొలి ఏడాదిలో మందు వాడినవాళ్లలో 3.8 శాతం మందికి వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వాళ్లలోనూ 2.1 శాతం మందికి వచ్చింది. రెండింటి తేడా తీస్తే, నూరు మందిలో మందు వల్ల ఇబ్బంది పడినవాళ్లు ఇద్దరి లోపే. వారిలో ఎక్కువమందికి మానేస్తే తగ్గిపోయింది. మందు రక్తంలో ఒకటి రెండు రోజులకు మించి ఉండదు, డీహెచ్‌టీ రెండు వారాల్లో మునుపటి స్థాయికి వస్తుంది. అందుకే మానేసిన కొన్ని వారాల్లో శరీరం తేరుకోవడం సహజం. కానీ మానేసినా ఇబ్బంది పోలేదని చెప్పినవాళ్లూ ఉన్నారు. అలాంటి ఫిర్యాదుల ఆధారంగానే 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ హెచ్చరికను మందు కాగితంలో చేర్పించింది. 2025లో ఐరోపా ఔషధ సంస్థ ఇంకో అడుగు వేసి, ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ప్రభావంగా ధ్రువీకరించింది. అలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం 1 మిల్లీగ్రాము మాత్ర వాడినవాళ్లవే. ఎంతమందికి ఒకరికి వస్తుందో తేలలేదు. ఎవరికి వస్తుందో ముందే పట్టే పరీక్షా లేదు.

దీనికి డాక్టర్లలో ఒక వర్గం చెప్పే జవాబు ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. చెబితే వస్తుంది అంటారు వాళ్లు. 2007లో ఇటలీలో జరిగిన ఒక అధ్యయనంలో ప్రోస్టేట్ రోగులకు 5 మిల్లీగ్రాముల మాత్ర ఇస్తూ, సగం మందికి లైంగిక ఇబ్బందులు రావచ్చని చెప్పారు, మిగతావాళ్లకు చెప్పలేదు. చెప్పినవాళ్లలో సుమారు 44 శాతం మంది ఇబ్బంది ఉందన్నారు, చెప్పనివాళ్లలో 15 శాతం. భయం కూడా శరీరం మీద పనిచేస్తుందన్నది నిజమే.

అయితే ఆ నిజం నుంచి మౌనం పాటించాలన్న తీర్పు రాదు. ఆ రోజుల్లో నోరు మూసుకుంటే సరిపోయేదేమో. ఇప్పుడు మా మేనల్లుడు అర్ధరాత్రి ఫోనులో ఆ పేరు కొట్టగానే జీవితం నాశనమైందనే గోడు వందలకొద్దీ కనబడుతుంది. నూరు మందిలో ఇద్దరి లోపు అన్న అంకెను డాక్టరు నోట వినని కుర్రవాడు ఆ గోడునే నమ్ముతాడు. మనం దాచినది అతనికి భయం రూపంలో తెలుస్తుంది.

మన దగ్గర దాపరికానికి ఎక్కువగా వాడే మాట, "ఒక్క మిల్లీగ్రామే కదా". నన్ను అన్నిటికన్నా మండించేది ఈ మాటే. మోతాదుల మీద 1999లో వచ్చిన అధ్యయనం చూడండి. రోజుకు 1 మిల్లీగ్రాము వాడితే రక్తంలో డీహెచ్‌టీ సుమారు 71 శాతం తగ్గింది. 5 మిల్లీగ్రాములు వాడితే 72 శాతం. 0.2 వాడినా 69 శాతం. అయిదో వంతు మందుతో ఎంజైము దాదాపు అంతే మూతపడుతోంది. అంటే రక్తంలోని హార్మోను వరకు చూస్తే, తండ్రి ప్రోస్టేట్ కోసం మింగుతున్న దానికీ కొడుకు జుట్టు కోసం మింగుతున్న దానికీ పెద్ద తేడా లేదు. తండ్రికి చెప్పే జాగ్రత్తలన్నీ కొడుక్కీ చెప్పాలి.

ఆ జాగ్రత్తల్లో మొదటిది పీఎస్ఏ. ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పట్టే రక్తపరీక్ష ఇది. ఈ మందు ఆరు నెలలు, ఏడాది వాడాక ఆ అంకె సుమారు సగానికి పడిపోతుంది. మా బావకు మొన్న 2.4 వచ్చింది. ఫర్వాలేదని సంతోషించాడు. మందు లెక్క వేస్తే దాన్ని 4.8 అనుకుని చదవాలి, అది డాక్టరు ఆగి చూడాల్సిన అంకె. రెండు రోజుల్లో మళ్లీ వెళ్లి చూపించాడు, ఇప్పుడు తదుపరి పరీక్షలు జరుగుతున్నాయి. మా మేనల్లుడికి యాభై ఏళ్లు వచ్చేసరికి తాను రోజూ మింగేది మందని అతనే మరిచిపోయి ఉంటాడు. ఆ రోజు పరీక్ష చేసే డాక్టరు ఏం మందులు వాడుతున్నావని అడిగితే "ఏమీ లేవండీ" అంటాడు.

రెండోది పిల్లల సంగతి. మా వాడికి సంబంధాలు చూస్తున్నారు. జుట్టు మందు మొదలుపెట్టింది కూడా పెళ్లిచూపుల కోసమే. ఈ మాత్ర కొందరిలో వీర్యకణాల సంఖ్యను తగ్గిస్తుంది. టొరంటోలో సంతానలేమికి వైద్యానికి వచ్చినవాళ్లలో ఈ మాత్ర వాడుతున్న 27 మందిని మాన్పించి చూస్తే, వీర్యకణాలు సగటున 11 రెట్లకు పైగా పెరిగాయి. మన ఇళ్లలో పెళ్లయి ఏడాదైనా కడుపు పండకపోతే ముందు పరీక్షలకు పంపేది కోడలిని. భర్త జేబులోని మాత్ర గురించి అడిగేవాళ్లు ఉండరు. ఖర్చు తగ్గుతుందని 5 మిల్లీగ్రాముల మాత్రను నాలుగు ముక్కలు చేసి వాడేవాళ్లు కూడా ఉన్నారు. పై పూత పగిలిన ఆ ముక్కలను, పొడిని గర్భిణి ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాలు ఏర్పడటంలో లోపం రావచ్చు.

ఇదంతా మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది కదా అంటారు. ఆ కాగితం ఇంగ్లిషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. షాపులో స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే అదీ చేతికి రాదు. బ్రిటన్ 2024లో ఈ మందుకు రోగి దగ్గర ఉంచుకునే హెచ్చరిక కార్డు ప్రవేశపెట్టింది. ఐరోపా కూడా 1 మిల్లీగ్రాము డబ్బాల్లో అలాంటి కార్డు ఉండాలన్నది. మనకూ అలాంటిది కావాలి, తెలుగులో కావాలి. జుట్టు మందుకే కాదు, చక్కెర మాత్రకూ రక్తపోటు మాత్రకూ మూర్ఛ మందుకూ కావాలి. సినిమా పోస్టరు, ఎరువు బస్తా, సబ్బు కవరు తెలుగులో అచ్చవుతున్న రాష్ట్రాల్లో ఒంట్లోకి వెళ్లే మందు సంగతి మాత్రం తెలుగులో ఎందుకు అచ్చు కాదు? చీటీ రాసిన డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పలేనిది ఒక అరచేతి కాగితం చెబుతుంది. రెండు ప్రభుత్వాలూ దీన్ని అడగాలి, అడిగే వరకు మనం వాళ్లను అడగాలి.

మా వాడు మాత్ర మానలేదు. ఇప్పుడు ఒక చర్మవైద్యుడి దగ్గరికి వెళుతున్నాడు. ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ప్రతి మూడు నెలలకూ నడినెత్తి ఫొటో తీసుకుంటున్నాడు. ఏడాది నిండాక వాటిని పక్కపక్కన పెట్టి కొనసాగించాలో వద్దో తేల్చుకుంటాడు. కోరిక తగ్గినా, రొమ్ములో గడ్డలా తగిలినా డాక్టరుకు చెప్పాలని, మనసు దిగులుగా మారితే మాత్ర ఆపి అదే రోజు వెళ్లాలని ఒక కాగితం మీద రాసి అద్దం పక్కన అంటించుకున్నాడు. ఆ కాగితం అడుగున మా అక్క తన చేతిరాతతో ఒక లైను చేర్చింది: "పీఎస్ఏ పరీక్ష చేయిస్తే ఈ మందు వాడుతున్నానని చెప్పాలి."