కార్యదర్శి బల్లమీద ఆగిపోతున్న తాతల స్థలం

తాతల నాటి స్థలంలో చిన్న ఇల్లు కట్టుకుందామని పంచాయతీ కార్యదర్శికి ఇచ్చే దరఖాస్తులు చాలావరకు ఆగేది ప్లాన్ దగ్గర కాదు, పేరు దగ్గర. గ్రామకంఠంలోని ఇళ్ల స్థలాలకు పట్టాదారు పాస్‌పుస్తకం ఉండదు. ఊరి నివాస ప్రాంతమంతా సాధారణంగా ఒకే సర్వే నంబరు కింద ఉంటుంది కాబట్టి, ఏ ముక్క ఎవరిదో రెవెన్యూ రికార్డు చెప్పదు. మిగిలే ఆధారం పంచాయతీలోని ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు. అందులో తాత పేరే ఉండి, దరఖాస్తు మనవడు పెడితే కార్యదర్శి సంతకం చేయడానికి జంకుతారు. ఆ జంకు సహజమే. వారసులెవరో, వాటాలెంతో తేల్చే అధికారం ఆయనకు లేదు.

ఒక కేసు తీసుకుందాం. తాత స్థలం 60 అడుగులు, 45 అడుగులు, అంటే 300 గజాలు. ఇద్దరు కొడుకులు నోటిమాటగా చెరి సగం పంచుకున్నారు. పెద్ద కొడుకు వాటా 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు, 150 గజాలు. ఆయన వీలునామా రాయకుండా చనిపోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. ఇప్పుడు ఆయన చిన్న కొడుకు ఇల్లు కట్టాలి. తల్లికీ, అన్నకూ, అక్కకూ ఆ స్థలంలో హక్కుంది. పెళ్లయి వెళ్లిపోయిందని అక్క సంతకం వదిలేస్తే, పునాది తీశాక వచ్చే మొదటి అభ్యంతరం ఆ వైపు నుంచే.

ఇక్కడ రెండు వేర్వేరు కాగితాలను చాలామంది కలిపేసుకుంటారు. అందరూ సంతకాలు చేసిన నిరభ్యంతర పత్రం అనుమతి ఫైలును ముందుకు కదిలిస్తుంది, అంతే. వాటాను బదిలీ చేయదు. స్థలం చిన్న కొడుకుది కావాలంటే పంపక దస్తావేజో, హక్కు విడుదల పత్రమో రిజిస్టర్ కావాలి. బ్యాంకు అప్పు తీసుకునే ఆలోచన ఉంటే ఇది ముందే చేయించుకోవాలి; బ్యాంకు లాయరు నిరభ్యంతర పత్రం చూసి ఊరుకోడు. పన్ను రశీదు గానీ, అనుమతి పత్రం గానీ యాజమాన్య హక్కును ఇవ్వవు.

పాత పెంకుటిల్లు కూలిపోయి ఖాళీ స్థలంగా మిగిలినచోట ఇంకో చిక్కుంది. ఇల్లు లేదని పన్ను డిమాండు తీసేస్తే ఉన్న ఒక్క ఆధారం తెగిపోతుంది. పాత రశీదులు, కరెంటు బిల్లులు పారేయకూడదు. అసెస్‌మెంట్ నంబరుతో పాత రిజిస్టరు నకలు అడిగి తీసుకోవాలి.

తర్వాత చెక్కుబంది. పాత కాగితంలో ‘తూర్పు: ఫలానా వారి దొడ్డి గోడ’ అని ఉంటుంది. ఇప్పుడు ఆ గోడా లేదు, ఆ మనిషీ లేరు. దరఖాస్తులో పాత పేరు రాసి, పక్కనే ప్రస్తుతం అక్కడున్న వారి పేరు కూడా రాయాలి. కొలతలు టేపుతో నాలుగు వైపులా తీయాలి, ఒక్క ముఖం కొలిచి సరిపెట్టకూడదు. పై కేసులో బాబాయి గోడ అడుగున్నర జరిగి, ముఖం 28.5 అడుగులే మిగిలిందనుకుందాం. ప్లానులో 30 చూపిస్తే పరిశీలనకు వచ్చినప్పుడు తేడా బయటపడుతుంది. గొడవ తేలేదాకా తక్కువ కొలత మీదే ప్లాను గీయించుకోవడం మేలు.

వదలాల్సిన ఖాళీ స్థలం, విస్తీర్ణాన్నీ రోడ్డు వెడల్పునూ బట్టి మారుతుంది. ప్లాను గీయించే ముందే కార్యదర్శిని అడిగి రాసుకోవాలి. ముందు 5 అడుగులు, మిగతా మూడు వైపులా మూడేసి అడుగులు వదలమన్నారనుకోండి. 28.5లో కట్టడానికి మిగిలేది 22.5 అడుగుల వెడల్పు, 37 అడుగుల లోతు. రెండు గదులు, వంటిల్లు, వరండాకు అది చాలు. చెడేది మెట్ల దగ్గర. ఇంట్లో చోటు కలిసొస్తుందని మెట్లను పక్క సందులోకి తోస్తారు, దాంతో వదిలిన 3 అడుగులూ పోతాయి. మెట్లను మొదటి గీతలోనే ఇంటి కొలతలో కలపాలి. ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందేమో కూడా అప్పుడే కనుక్కోవాలి. ఉంటే నిబంధనలూ, ఫైలు వెళ్లే దారీ మారతాయి.

పంచాయతీల వైపు నుంచి మార్పు తప్పనిసరి. ‘మళ్లీ రండి’ అనే నోటిమాట తిరస్కరణ ఆగాలి. దరఖాస్తు అందిన రోజే తేదీ, ముద్రతో రశీదు ఇవ్వాలి. లోపాలన్నీ ఒకేసారి కాగితం మీద రాసివ్వాలి. ఈ వారం పన్ను రశీదు, పై వారం అక్క సంతకం అని విడతలుగా అడిగితే కూలి పోగొట్టుకుని తిరిగేది పేదవాడే. రాసివ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఫైలు ఎక్కడుందో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం ఈ నివాస స్థలాలకే డ్రోన్ సర్వే చేసి ఆస్తి కార్డులిచ్చేందుకు వచ్చింది. కార్డు ముద్రించే ముందు తాత పేరు తీసి వారసుల పేర్లు చేర్చే పని ఊళ్లోనే, గ్రామసభలో చదివి వినిపించి జరగాలని కోరుతున్నాం. లేకపోతే ఇదే తగాదా కొత్త కార్డు మీదకు ఎక్కుతుంది.