సున్నా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పూర్ణానుస్వారం గారికి, ఇంటా బయటా సున్నా అని పిలిపించుకునే తమరికి, సికింద్రాబాద్ శాఖ నుంచి నమస్కరించి వ్రాయునది.

ఈ రోజు భోగి. ఆఫీసులో నేనూ వాచ్‌మనూ తప్ప ఎవరూ లేరు. ఊరికి తీసుకున్న టికెట్ జేబులోనే ఉంది. ఇదంతా తమరి చలవే కాబట్టి ఈ మధ్యాహ్నం తమరికే అంకితం.

హెడ్డాఫీసు పంపిన హిందీ మెసేజ్ తమరూ చూసే ఉంటారు. "సూచనా: సభీ కర్మచారియోం సే ఆగ్రహ్ హై కి సంక్రాంతి అవకాశ్ కే లియే శుక్రవార్ తక్ ఆవేదన్ కరేం." దాన్ని మా సూపర్‌వైజర్ గారు తెలుగు చేసి గ్రూపులో పెట్టారు. ఆయనకు ఒకటే సూత్రం: హిందీ మాట చివర తమరిని కూర్చోబెడితే తెలుగు, లేపేస్తే హిందీ. శుక్రవార్ పక్కన తమరు కూర్చోగానే శుక్రవారం అయింది, కాదనను. ఆ ఒక్క మాట నిజం కావడంతో ఆయనకు ధైర్యం వచ్చేసింది.

"సూచన: సిబ్బంది అందరిపై ఆగ్రహం. సంక్రాంతి అవకాశం కోసం శుక్రవారంలోపు ఆవేదన చెందండి."

ఆగ్రహం చూసి ముందు అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఆవేదన ఎటూ రోజూ ఉన్నదే, దానికి గడువెందుకని నవ్వుకున్నాం. అవకాశం అంటే పండగ బోనస్సేమో, ఇస్తే వాళ్లే ఇస్తారని ఊరుకున్నాం. సోమవారం సెలవు అడిగితే "శుక్రవారమే ఆఖరు, మెసేజ్ చూడలేదా?" అన్నారు. చూశాం సార్, చూసి ఆవేదన కూడా చెందాం!

వాళ్లు పంపింది ఇంతే: "గమనిక: సంక్రాంతి సెలవు కావలసినవారు శుక్రవారంలోగా దరఖాస్తు చేసుకోవాలని మనవి." కోపం లేదు, బోనస్ లేదు, ఏడుపు అసలే లేదు.

తమరి వంశం మీద నాకు గౌరవం ఉంది. సంస్కృతంలో అవకాశమంటే ఖాళీ, చోటు. మనం ఆ ఖాళీలోంచి ముందుకు దూరే వీలు చూసుకున్నాం. హిందీవాళ్లు పని మధ్యలో దొరికే ఖాళీని చూసి సెలవు అన్నారు. ఆగ్రహమంటే పట్టుబట్టడం. వాళ్లది పట్టుబట్టి అడగడం దగ్గర ఆగి మర్యాద అయింది, మనది కోపం దాకా వెళ్లింది. ఆవేదనమంటే తెలియజేయడం. వాళ్లు కాగితం మీద తెలియజేస్తారు, మనం గుండెలు బాదుకుంటాం. ఎవరిదీ తప్పు కాదు. ఇన్ని శతాబ్దాలు వేరువేరుగా కాపురం చేసిన మాటల్ని తమరు పక్కన చేరి కవలలుగా చూపించడమే తప్పు.

పోనీ ఇటునుంచి అటు వెళ్లేటప్పుడైనా బుద్ధిగా ఉంటారా? "మాకు సెలవు అవసరం" అని మేం మొత్తుకుంటే, సూపర్‌వైజర్ గారు సెలవును ఛుట్టీ అని సరిగ్గానే రాసి, అవసరం దగ్గర తమరిని లేపేశారు: "హమేం ఛుట్టీ కా అవసర్ హై." హిందీలో అవసర్ అంటే అవకాశం. అవకాశ్ అంటే సెలవు. అవసరానికి వాళ్ల మాట జరూరత్. అంతా కుర్చీలాటే, తలా ఒక కుర్చీ జరిగి కూర్చున్నారు. సెలవు కావాలని మేం అడిగితే, సెలవుకు మంచి అవకాశం వచ్చిందని చెప్పినట్టు వెళ్లింది. అటునుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది, అంతే!

ఒరే సున్నా, ఆ బొటనవేలు నాకు కాదురా, నీకు చూపించాలి! నా భోగిమంట తినేశావు. రేపు సంక్రాంతి, ఎల్లుండి కనుమ కూడా నీ పొట్టలోనే. విలువ లేని అంకెవని చిన్నప్పుడు చెప్పారు. మాట చివర చేరి ఇంత విలువ లాగేస్తావని ఎవరూ చెప్పలేదు.

మిగతావి వదిలేస్తున్నాను. బట్టల కొట్టు నడిపే మా బావగారు మొన్న ఒక ఫారంలో "పితా కా వ్యవసాయ్" అనే గడి నిండగానే రైతు అయిపోయారు. అడిగింది వృత్తి ఏమిటని. గ్రంథాలయానికి ఫోన్ చేసి హిందీ ఉపన్యాస్ కావాలన్న పక్కింటి కుర్రాడికి ఉపన్యాసకుడి నంబర్ ఇచ్చారు. పాపం, అతనికి కావలసింది నవల.

తమాషా ఏమిటంటే పారసీకం నుంచి వచ్చిన దరఖాస్తు, మనకూ వాళ్లకూ దాదాపు ఒకే అర్థంతో బుద్ధిగా పనిచేస్తోంది. ఇకనుంచి వాటినే నమ్ముకుందామని, కోపం పట్టలేక, తమరి జోక్యం ఏమాత్రం లేని ఇంకో పారసీ మాటతో ఉద్యోగానికే స్వస్తి చెబుదామని కూర్చున్నాను. హెడ్డింగ్ కూడా పెట్టాను, రాజీనామా అని. హిందీ బాగా వచ్చిన స్నేహితుడు ఫోన్‌లో ఆపాడు.

"అలా పంపకండి. అక్కడ రాజీనామా అంటే రాజీ పత్రం. మీరు సర్దుకుపోయారని సంతోషించి ఉగాదికి కూడా డ్యూటీ వేస్తారు."