మాస్టారిని ఎవరైనా ఆపాలి

మా వీధిలో ఒక లెక్కల మాస్టారు ఉన్నారు. రిటైరై చాలా ఏళ్లయింది. పద్ధతి ప్రకారం ఆయన పేపరు చదువుకోవాలి, కాలం చెడిపోయిందని బాధపడాలి, ఫోనులో పని పడితే మనవణ్ణి బతిమాలుకోవాలి. ఆయన ఆ పద్ధతి తప్పారు. ఫలితం వీధంతా అనుభవిస్తోంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

మొదట్లో అంతా సవ్యంగానే ఉంది. కొడుకు హైదరాబాద్ నుంచి స్మార్ట్‌ఫోన్ తెచ్చి, ఈ తరం బోధనా విధానంలోనే నేర్పాడు. ఫోను ఆయన చేతిలోంచి లాక్కుని, చకచకా నాలుగుచోట్ల నొక్కి, "అయిపోయింది నాన్నా, ఇంతే" అని తిరిగిచ్చాడు. ఈ విధానంలో ఎవరికీ ఏమీ రాదు, అదే దాని గొప్పతనం. మాస్టారు మాత్రం రూళ్ల నోట్‌బుక్ తీశారు. యాప్ తెరుద్దామని వేలు పెడితే ఆ బొమ్మ కాస్తా పక్కకి జరుగుతోందేమిటని ఆరా తీసి, "తాకి వెంటనే తీస్తే తెరుచుకుంటుంది, వేలు అక్కడే ఉంచితే జరపమన్నామని అనుకుంటుంది" అని రాసుకున్నారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్షరాల సైజు పెంచుకున్నారు. అక్కడితో ఆగినా బాగుండేది.

ఆగలేదు. సాయంత్రాలు అరుగు మీద బడి పెట్టారు. ఎదుటివాళ్ల ఫోను ఆయన ముట్టుకోరు, చేతులు వెనక్కి కట్టుకునే చెబుతారు. ఎంత తప్పు నొక్కినా వాళ్లే వెనక్కి రావాలి. దాంతో దారుణం జరిగిపోయింది, వాళ్లకి నిజంగానే వచ్చేసింది.

మొదట నష్టపోయినవాడు ఒక మోసగాడు. ఎదురింటి పిన్నిగారు పాత బీరువాని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడితే, అడిగిన 6,000 రూపాయలూ ఇస్తానని ఒకడు ఫోన్ చేశాడు. (బేరమాడని మనిషి పాత బీరువా కొంటాడా?) "క్యూఆర్ కోడ్ పంపాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అన్నాడు. పిన్నిగారికి మాస్టారి పాఠం కంఠతా వచ్చు: యూపీఐ పిన్ అంటే విత్‌డ్రాయల్ ఫారం మీద సంతకం. మన ఖాతాలోంచి డబ్బు పోవడానికి అది కావాలి, రావడానికి అక్కర్లేదు.

"నువ్విచ్చే డబ్బుకి నా సంతకం ఎందుకు బాబూ? నా నంబరుకి పంపెయ్" అన్నారావిడ.

"సిస్టమ్ అలాగే ఉంటుందాంటీ."

"అయితే మా మాస్టారితో మాట్లాడు, ఇక్కడే ఉన్నారు."

లైన్ కట్టయింది. కష్టపడి బతుకుతున్న కుర్రాడు, పాపం! ఆపైన మాస్టారు అందరిచేతా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరు సేవ్ చేయించారు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే ఫోన్ చేయాలట. అది మరో ఖాతాలోకి జారకముందే ఆపించే వీలుంటుందట.

ఇక మనవల సంగతి. బామ్మ కరెంటు బిల్లు కట్టిపెట్టి చిల్లర మిగుల్చుకునే స్వయం ఉపాధి పథకం మూతబడింది. వాళ్ల గోడు ఎవరికి చెప్పాలి? మాస్టారిని ఏ మారుమూలకో బదిలీ చేయిద్దామంటే, రిటైరైన మనిషాయె.