ఆకుపచ్చ పొట్లం పేరేమిటి?

మాధవి: విశాఖ పూర్ణా మార్కెట్లో తాతగారి పేరు మీద నడిచే కాఫీ పొడి కొట్టు మాది. ఇప్పుడు సీతమ్మధారలో రెండోది తెరుస్తున్నాం. కొత్త పేరు, కొత్త ప్యాకెట్టు కావాలని నేను, వద్దని నాన్న. అరవై దాటిన పాత బేరాలు పోకుండా పేరు మార్చొచ్చా?

రాఘవరావు (లెక్కలు చూసే పెద్దాయన): మార్చకూడదమ్మా. పెద్దవాళ్లు బోర్డు చదువుకుని రారు, అలవాటు కొద్దీ వస్తారు. చాలామంది మనవణ్ణో పనమ్మాయినో పంపిస్తారు కూడా. చెప్పి పంపిన పేరు బోర్డు మీద కనిపించకపోతే, ఆ పిల్ల పక్క కొట్టులో కొనేసి చక్కా పోతుంది.

సుజాత (ప్యాకెట్ల డిజైనరు): ఒప్పుకున్నాను. కానీ దాన్నిబట్టి పాత పేరు బోర్డు మీద ఉండాలి, అంతే. ఒక వారం కౌంటరు దగ్గర నిలబడి, ఎవరెవరు ఏమని అడుగుతున్నారో ఉన్నదున్నట్టు రాయించండి. 'ఆకుపచ్చ పొట్లం, ఎనభై ఇరవై, పావుకిలో' అన్న మాటలే ఎక్కువ వినపడితే, వాళ్లు పట్టుకున్న గుర్తులు రంగు, కాఫీ-చికోరీ పాళ్లు, తూకం. ఆ మూడూ కదపకండి. పావుకిలో తీసేసి 200 గ్రాముల ప్యాకెట్టు పెడితే, ధర తగ్గించినా సరే, తూకంలో మోసం చేశారనే అనుకుంటారు.

రాఘవరావు: మరి జిప్పు సంచి సంగతేమిటి? కాగితం పొట్లం చేతిలోకి తీసుకుంటేనే ఘుమఘుమలాడేది. సంచి మూసేస్తే ఏ వాసనా రాదు. 'ఏటమ్మా, పొడి మారిపోయిందేటి?' అంటారు.

సుజాత: అందుకే పూర్ణా మార్కెట్లో కళ్ల ముందే మరపట్టి కాగితం పొట్లం కట్టడం ఆపొద్దు. జిప్పు సంచి ఊళ్లకు పంపడానికి. ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది: పేరు మార్చిన నెలలోనే మరనూ మార్చడం. కొత్త మర మరీ మెత్తగా ఆడితే ఫిల్టరు మూసుకుపోయి డికాషన్ దిగదు, బరకగా ఆడితే నీళ్లలా దిగిపోతుంది. ఇంట్లోవాళ్లకు మర సంగతి తెలియదు. 'పేరు మారింది, రుచి పోయింది' అనేస్తారు. ఆ రెంటికీ మధ్య కనీసం మూడు నెలలుండాలి.

రాఘవరావు: పేరు మారిస్తే జీఎస్టీ నంబరు కూడా కొత్తది తీసుకోవాలి. అదో తలనొప్పి.

సుజాత: పాన్ మారితేనండీ. నాన్నగారి సొంత వ్యాపారం కాస్తా తండ్రీ కూతుళ్ల భాగస్వామ్యమైతే కొత్త నంబరు తప్పదు. వాణిజ్య పేరు ఒక్కటే అయితే, మారిన 15 రోజుల్లోపు జీఎస్టీ పోర్టల్లో REG-14 ఫారం పెడితే చాలు. అసలు చూసుకోవలసింది ట్రేడ్‌మార్కు. తాతగారి పేరు రిజిస్టరై ఉండి, వరుసగా 5 ఏళ్లు వాడకుండా వదిలేస్తే, దాన్ని రిజిస్టరు నుంచి తీసేయమని పోటీదారు అడగొచ్చు. కాబట్టి ప్యాకెట్టు మీద చిన్న అక్షరాల్లోనైనా అది నిలవాలి.

మాధవి: అంటే సీతమ్మధారలో కూడా ఆకుపచ్చ పొట్లమే అమ్మమంటారా? అక్కడ చికోరీ లేని అరకు కాఫీ అడుగుతారు.

సుజాత: అది వేరే సరుకమ్మా, దానికి వేరే రంగు సంచి, కొత్త పేరు పెద్దగా పెట్టుకో. నేను చెప్పేది ఎనభై ఇరవై గురించి. చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పాళ్లు ప్యాకెట్టు మీద ముద్రించాలి. ఎలాగూ ముద్రించేదే కాబట్టి '80-20' అన్న అంకెలను అన్నిటికంటే పెద్దవి చేస్తే, చూపు తగ్గినవాళ్లకూ పొట్లం దొరుకుతుంది. మొదటి మూడు నెలలూ పాత పేరు పైన, కొత్తది కింద చిన్నగా. తర్వాత మూడు నెలలూ రెండూ సమానంగా. ఆ తర్వాతే కొత్తది పైకి.

రాఘవరావు: బేరాలు పోతున్నాయని ఎలా తెలుస్తుంది? పెద్దవాళ్లు పోట్లాడరు, ఊరికే రావడం మానేస్తారు.

సుజాత: మొత్తం అమ్మకం చూస్తే తెలియదు, కొత్తవాళ్లు ఆ లోటు కప్పేస్తారు. నెల మొదటి పది రోజుల్లో, పింఛన్లు వచ్చాక, ఎనభై ఇరవై పావుకిలో పొట్లాలు ఎన్ని కట్టారో విడిగా లెక్కపెట్టండి. కిందటి ఏడాది అదే నెలతో పోల్చాలి, ఎందుకంటే ఎండాకాలం కాఫీ ఎలాగూ తగ్గుతుంది. వరుసగా రెండు నెలలు పడిపోతే, పేరు ఉన్నచోటే ఆపి, రానివాళ్లకు ఫోన్ చేయండి.

రాఘవరావు: ఇంత తంటా ఎందుకంట? కొత్త పేరు సీతమ్మధార కొట్టుకే పరిమితం చేస్తే సరి.

సుజాత: పూర్ణా మార్కెట్లో కొనే ఆవిడ సీతమ్మధారలో కొడుకు ఇంటికి వెళ్తే, అక్కడ మీ కొట్టు ముందు నుంచే నడుచుకుంటూ పోతుంది, మీదని తెలియక.

రాఘవరావు: ఆవిడ సంచిలో పొడి కట్టుకునే వెళ్తుందమ్మా.

మాధవి: కట్టుకునే వెళ్తారు, నిజమే. అయిపోయాక కొడుకేం కొంటాడో మాత్రం నాకు తెలీదు.

రాఘవరావు: సరే, ముందు ఆ వారం రాతలు రానీ. పేరు పెట్టి అడిగేవాళ్లెందరో, రంగు చెప్పి అడిగేవాళ్లెందరో చూసి అప్పుడు మాట్లాడదాం.